దిండి రిసార్టుకు న్యూజెర్సీ నుంచి ఒక మెయిల్

విదేశాల్లో స్థిరపడిన కుటుంబం స్వదేశంలో బంధువులందరినీ ఒకచోట కలుసుకోవాలనుకున్నప్పుడు, రిసార్టుకు రాసే మొదటి మెయిల్ తరచూ రెండు మూడు వాక్యాలతో ముగుస్తుంది. 'డిసెంబరు ఆఖరులో మేం ఇరవై మందిమి పైగా వస్తున్నాం. గదులు, భోజనాలు, అందరూ కలిసి చేసే కార్యక్రమం ఏమైనా ఉంటే వివరాలు పంపండి' అని ఉంటుంది. రిజర్వేషన్ డెస్కులో కూర్చున్నవారు దీన్ని చూసి గది అద్దెల పట్టిక ఒకటి జతచేసి పంపగలరు, అంతకు మించి చేయలేరు. ఎన్ని గదులు కావాలో, వంట ఎంతమందికో, పడవ ఎంత పెద్దదో తేల్చే సమాచారం అందులో లేదు.

కోనసీమలో వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న దిండిని ఉదాహరణగా తీసుకోవచ్చు. కొబ్బరితోటల మధ్య రిసార్టులు, నది మీద హౌస్‌బోట్లు ఉన్న ఊరు అది. అమలాపురం ప్రాంతానికి చెందిన ఒక కుటుంబం అక్కడ కలుసుకోవాలనుకుంటోందని అనుకుందాం. తాతగారు, అమ్మమ్మగారు, వారి నలుగురు పిల్లల జంటలు, ఇద్దరు మేనత్తల జంటలు కలిపి పెద్దలు పద్నాలుగు మంది. పిల్లలు తొమ్మిది మంది. సగం మంది న్యూజెర్సీ, డాలస్‌ల నుంచి, మిగతావారు హైదరాబాద్ నుంచి వస్తారు.

మెయిల్‌లో మొదట సరిచూసుకోవలసింది తేదీ. అమెరికాలో నెల ముందు, రోజు తరువాత రాస్తారు. భారతదేశంలో రోజే ముందు. న్యూజెర్సీలో 1/2/2027 అని రాస్తే జనవరి 2, దిండిలో చదివితే ఫిబ్రవరి 1. అందువల్ల '2026 డిసెంబరు 26 శనివారం మధ్యాహ్నం వస్తాం, 29 మంగళవారం ఉదయం వెళతాం, మూడు రాత్రులు' అని నెల పేరు, వారం పేరు అక్షరాల్లో రాయడమే క్షేమం. అమెరికా నుంచి వచ్చేవారి విమానం తెల్లవారుజామున దిగితే, గది సాధారణంగా మధ్యాహ్నం గానీ ఇవ్వరు కాబట్టి ఆ ఉదయపు గంటలకు ఏర్పాటేమిటో కూడా అడగాలి. కుదరకపోతే ముందురోజు రాత్రికే గది తీసుకోవలసి ఉంటుంది. సంక్రాంతికైతే ఇలా నాలుగు నెలల ముందు రాసినా తొమ్మిది గదులు ఒకేచోట దొరుకుతాయన్న భరోసా లేదు, పండక్కి కోనసీమకు వచ్చే జనం అంతమంది.

గదుల లెక్కకు 'ఇరవై ముగ్గురం' అని చెబితే చాలదు. ఎవరు ఎవరితో పడుకుంటారో చెప్పాలి. తాతగారి జంటకు మెట్లెక్కే పని లేకుండా కింది అంతస్తులో ఒక గది. మిగతా ఆరు జంటలకు ఆరు. రెండేళ్ల పాప తల్లిదండ్రుల మంచం మీదే పడుకుంటుంది. అయిదు, ఏడు, ఎనిమిదేళ్ల పిల్లలకు వాళ్ల వాళ్ల తల్లిదండ్రుల గదుల్లో ఒక్కొక్క అదనపు పరుపు. పదకొండు, పదిహేను, పంతొమ్మిదేళ్ల ఆడపిల్లలు ముగ్గురికి ఒక గది, అందులో మరో పరుపు. పదమూడు, పదిహేడేళ్ల మగపిల్లలిద్దరికి విడి మంచాల గది ఒకటి. మొత్తం తొమ్మిది గదులు, నాలుగు అదనపు పరుపులు. పిల్లల వయసులు రాయకపోతే ఈ లెక్క కుదరదు, ఎందుకంటే ఏ వయసు దాకా ఉచితం, ఎప్పటినుంచి పరుపుకు డబ్బు అన్నది ఒక్కో రిసార్టులో ఒక్కో రకం. అద్దె వాహనాల డ్రైవర్లు ఇద్దరిని మరిచిపోవడం మామూలే. వాళ్లకు పడక, భోజనం ఎక్కడో మొదటి మెయిల్‌లోనే అడగడం మర్యాద కూడా.

అద్దె అడిగేటప్పుడు పన్ను కలిపి చెప్పమనాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి గది అద్దె రోజుకు రూ.7,500 దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. పరుపుల సంగతి పక్కన పెట్టి చూస్తే, రూ.7,400 గదికి పన్నుతో రూ.7,770 అవుతుంది, రూ.7,600 గదికి రూ.8,968. అద్దెలో తేడా రెండువందలే, చెల్లింపులో తేడా రూ.1,198. తొమ్మిది గదులు, మూడు రాత్రులకు అది రూ.32,346 అవుతుంది. బేరం ఆడదలిస్తే ఆడవలసింది ఈ గీత దగ్గరే.

భోజనాల విషయంలో మనవాళ్ల మెయిల్స్ మరీ పొదుపుగా ఉంటాయి. 'వెజ్, నాన్‌వెజ్ రెండూ' అని వదిలేస్తారు. ఇరవై ముగ్గురిలో శాకాహారులు ఎంతమంది, వారిలో గుడ్డు తినేవారెవరు, ఉల్లి వెల్లుల్లి మానేసే పెద్దలున్నారా అన్నది సంఖ్యలతో చెబితే వంటవారు ఆ ప్రకారం సరుకు తెప్పిస్తారు. అన్నిటికన్నా జాగ్రత్తగా రాయవలసింది అలర్జీ. ఏడేళ్ల పిల్లవాడికి 'నట్స్ పడవు' అని రాస్తే, వంటింట్లో పల్లీలు మాత్రమే తీసేసి ఊరుకోవచ్చు. జీడిపప్పు మాత్రం ఉప్మాలోను, పులావులోను, కూరల్లో ముద్దగాను, మిఠాయిల్లోను ఉంటుంది. కంటికి కనిపించేదాన్ని ఏరిపారేయవచ్చు, గ్రేవీలో రుబ్బి కలిపినది కనిపించదు. కనుక 'జీడిపప్పు, బాదం, వేరుసెనగ, పల్లీ చట్నీ, వేరుసెనగ నూనె ఏదీ తగలకూడదు. ఆ అబ్బాయికి వంట వేరే గిన్నెలో చేయగలరా?' అని పేరుపేరునా రాసి, చెఫ్ నుంచే జవాబు కోరాలి. 'చూసుకుంటాం లెండి' అన్నది జవాబు కాదు.

గోదావరి అనగానే పులస అడిగేవారూ ఉంటారు. పులస సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కేది వరద కాలంలో, జూలై నుంచి సెప్టెంబరు మధ్య. డిసెంబరులో పులస పెడతామని ఎవరైనా ఒప్పుకుంటే ఆ మాట నమ్మదగినది కాదు. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం అప్పుడూ దొరుకుతాయి.

అందరూ కలిసి చేసే కార్యక్రమానికి దిండిలో సహజమైనది పడవ ప్రయాణం. ఇక్కడ అడగవలసింది అద్దె కన్నా ముందు భద్రత. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఎందరో చనిపోయారు. పడవకు అనుమతి ఉందా, అది ఎంతమందికి, ఆ సంఖ్యలో సిబ్బందిని కలిపారా, రెండేళ్ల పాపకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందా అని విడివిడిగా అడగాలి. పెద్దల జాకెట్ చంటిబిడ్డకు కట్టినా నీళ్లలో జారిపోతుంది. సమయం కూడా మెయిల్‌లోనే తేల్చుకోవచ్చు. డిసెంబరు ఉదయాల్లో నది మీద మంచు కమ్ముతుంది, సాయంత్రం అయిదున్నర దాటేసరికి చీకటి పడుతుంది. మూడున్నరకు బయలుదేరి అయిదింటికి ఒడ్డు చేరడం వృద్ధులకూ పిల్లలకూ అనువు. మంచు వల్ల గానీ గాలి వల్ల గానీ పడవ ఆగితే మరుసటి రోజుకు మారుస్తారా, డబ్బు తిరిగిస్తారా అన్నదీ అడగాలి.

జవాబు వచ్చాక చదవవలసింది ఒక మాట కోసం. 'గదులు ఉన్నాయి' అంటే ఆరోజుకు ఖాళీగా ఉన్నాయని మాత్రమే. మరో బృందం ముందు డబ్బు కడితే అవి వారివే. 'మీ పేరు మీద తొమ్మిది గదులు ఫలానా తేదీ దాకా ఆపి ఉంచాం, ఆలోగా ఇంత అడ్వాన్సు' అని ఉంటేనే అవి నిలిచినట్టు. రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి వస్తుందో, ఒకటి రెండు గదులు తగ్గించుకోవచ్చో లేదో అదే జవాబులో ఉండాలి. లేకపోతే ఇంకో మెయిల్ రాయాలి తప్ప ఫోన్లో విన్న మాటతో సరిపెట్టుకోకూడదు. రాసేది కూడా ఇంటికంతటికీ ఒక్కరే అయితే మేలు. డాలస్ బావగారు పన్నెండు గదులని, హైదరాబాద్ అత్తయ్య ఎనిమిదని చెబితే రిసార్టు దేన్నీ ఆపదు.

చివరిగా పంపేది పేర్ల జాబితా, ఏ గదిలో ఎవరో. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారి పేర్ల ఎదుట ఆ సంగతి గుర్తుపెట్టాలి. విదేశీయులు దిగిన 24 గంటల్లోగా వారి వివరాలను అధికారులకు పంపడం హోటలు బాధ్యత. అమెరికాలో పుట్టిన రెండేళ్ల పాపకూ ఇది వర్తిస్తుంది. పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు సూట్‌కేసు అడుగున కాక చేతిసంచిలో ఉంటే, ప్రయాణపు బడలికతో వచ్చినవారు కౌంటరు దగ్గర నిలబడే సమయం తగ్గుతుంది.