రెండు శిఖరాల మధ్య లోయ

నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు పరిసరాల్లో భూమిలో యురేనియం నిక్షేపాలున్నాయి. ఇలాంటి చోట బోరునీటిలో యురేనియం ఎంత ఉందో తేల్చడానికి తేలికైన పద్ధతులు వేరే ఉన్నాయి. ఆ యురేనియంలో 234, 238 అనే రెండు రకాలు ఒకదానికొకటి ఏ పాటిగా విఘటన చెందుతున్నాయో తెలియాలంటే మాత్రం ఆల్ఫా స్పెక్ట్రోస్కోపీ బాగా పనికొస్తుంది.

లక్షల ఏళ్ళు చెక్కుచెదరని రాతిలో ఆ రెండింటి విఘటన వేగం సమానం. నీటిలో తరచు 234దే పైచేయి. 238 కేంద్రకం ఆల్ఫా కణాన్ని వదిలినప్పుడు మిగిలిన భాగం పేల్చిన తుపాకీలా వెనక్కి తన్నుకుంటుంది. ఆ తాకిడికి అది ఖనిజంలోంచి బయటపడుతుంది, లేదా చుట్టూ స్ఫటికం దెబ్బతిని నీటిలో తేలిగ్గా కరుగుతుంది. అందుకే ఈ నిష్పత్తి చూస్తే నీరు రాతితో ఎలా మెలిగిందో కొంత తెలుస్తుంది.

238 వదిలే ఆల్ఫా కణాల ప్రధాన శక్తి 4198 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, 234వి 4775. (ఇకపై కెఇవి అందాం.) సిలికాన్ డిటెక్టర్‌లోకి దూరిన కణం 30 మైక్రాన్లలోపే ఆగిపోతుంది. దారిలో సుమారు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులకు ఒకటి చొప్పున ఎలక్ట్రాన్-రంధ్రం జతను పుట్టిస్తుంది. 234 కణమైతే దాదాపు 13 లక్షల జతలు. ఆ విద్యుదావేశమే ఒక పల్స్ అవుతుంది. యంత్రం పల్స్ ఎత్తును బట్టి దాన్ని 1024 ఛానళ్ళలో ఒకదానిలో వేసి లెక్కపెడుతుంది.

ఛానల్ నంబరు శక్తి కాదు. దాన్ని శక్తిగా మార్చుకోవడానికి ముందుగా ప్లుటోనియం-239, అమెరీషియం-241, క్యూరియం-244 కలిసిన ప్రామాణిక బిళ్ళను పెడతారు. వాటి ప్రధాన శక్తులు 5157, 5486, 5805 కెఇవి. ప్లుటోనియం శిఖరం 720వ ఛానల్‌లో, క్యూరియంది 936లో వచ్చిందనుకుందాం. 648 కెఇవి తేడా 216 ఛానళ్ళలో పరుచుకుంది, అంటే ఛానల్‌కు 3 కెఇవి. శక్తి = 2997 + 3 × ఛానల్. మధ్యనున్న అమెరీషియాన్ని కావాలనే లెక్కలోకి తీసుకోలేదు, అది సాక్షి. 830 దగ్గర కనిపిస్తే గీత సరైనదే. ఈ లెక్కన మన నీటి నమూనాలో 238 శిఖరం 400 దగ్గర, 234ది 593 దగ్గర రావాలి.

రావాలి గానీ, నీటిని బిళ్ళమీద ఆవిరి చేసి పెడితే రావు. లీటరు బోరునీటిలో అర గ్రాము లవణాలుంటే, 25 మిల్లీమీటర్ల బిళ్ళమీద అది పావు మిల్లీమీటరుకు మించి మందమున్న పొర. ఆల్ఫా కణం అందులో పాతిక మైక్రాన్లు దాటడమే కష్టం. పైపొరలోంచి బయటపడ్డవి కూడా ఒక్కో మైక్రాన్‌కు వంద కెఇవికి పైగా పోగొట్టుకుంటాయి. కణం శక్తి కోల్పోతుందే తప్ప సంపాదించుకోదు కనుక శిఖరం కుడివైపు నిటారుగానే ఉండి, ఎడమకు తోక సాగుతుంది. నమూనా మందమైందని గుర్తుపట్టే తీరు ఇదే. రెండు శిఖరాల మధ్య లోయ అడుగుకు దిగదు.

నష్టం ఎంతో చూడండి. అసలు లెక్కలు 234కు 900, 238కి 600, నిష్పత్తి 1.5 అనుకుందాం. ప్రతి శిఖరంలోంచీ పదోవంతు ఎడమకు జారి, 234 నుంచి జారినవన్నీ 238 కిటికీలో పడితే 810, 630 మిగులుతాయి. నిష్పత్తి 1.29. మనం వెతికే తేడానే తోక మింగేసింది.

అందుకే నీటికి ముందుగా యురేనియం-232ను తెలిసిన మోతాదులో కలుపుతారు. దారిలో ఎంత పోయిందో అదే చెబుతుంది. ఇనుప హైడ్రాక్సైడ్‌తో యురేనియాన్ని అవక్షేపంగా దించి, రెజిన్ కాలమ్‌లో వేరుచేసి, అమోనియం సల్ఫేట్ ద్రావణంలో స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్ళమీదికి విద్యుత్తుతో పూత ఎక్కిస్తారు. కరెంటు ఆపే ముందు కాస్త అమోనియా పోయడం మరిచిపోతే, ఎక్కిన పూత తిరిగి కరిగిపోతుంది. తళతళలాడాల్సిన బిళ్ళమీద గోధుమరంగు పొర కనిపిస్తే ఇనుము మిగిలిందన్నమాట. దాన్ని కొలిచి లాభం లేదు, మళ్ళీ శుద్ధి చేయాల్సిందే.

బిళ్ళ పలచగా ఉన్నా గాలి ఉంటే అంతే సంగతులు. మామూలు గాలిలో ఒక్క సెంటీమీటరు దాటేసరికి ఈ కణం దాదాపు 1000 కెఇవి కోల్పోతుంది, అంటే మూడు వందల ఛానళ్ళకు పైగా జరుగుడు. అందుకని గదిలోని గాలిని పంపుతో తోడేస్తారు. మూత రబ్బరు దగ్గర లీకుంటే శిఖరాలన్నీ కట్టగట్టుకుని ఎడమకు జరుగుతాయి. మందం వల్ల తోక, గాలి వల్ల జరుగుడు, ఈ రెండింటినీ కలిపి చూడకూడదు.

అయితే గాలిని పూర్తిగా తీసేయడమూ చిక్కే. వెనక్కి తన్నుకునే కేంద్రకాలు బిళ్ళమీంచి ఎగిరి నేరుగా డిటెక్టర్‌లో నాటుకుంటాయి. ముఖ్యంగా 232 పిల్ల థోరియం-228 అక్కడే కూర్చుని ఏళ్ళ తరబడి సంకేతాలిస్తూ తర్వాతి నమూనాలను పాడుచేస్తుంది. కొందరు అందుకే సుమారు 10 మిల్లీబార్ల గాలిని కావాలనే వదిలేస్తారు. బరువైన ఆ కేంద్రకాలను ఆపడానికి అది చాలు. సెంటీమీటరు దూరానికి ఆల్ఫా నష్టం పది కెఇవి లోపే, మూడు ఛానళ్ళు. కాకపోతే ప్రామాణిక బిళ్ళను కూడా అదే పీడనంలో, అదే దూరంలో పెట్టి గీత గీసుకోవాలి.