బస్తాలకు చేసిన బండిలో మనుషులు

2018లో ఉమ్మడి నల్గొండ జిల్లాలో మూడు నెలలు తిరక్కముందే రెండు కూలీల ట్రాక్టర్లు కాలువల పాలయ్యాయి. ఏప్రిల్ 6న పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరపచేనుకు వెళ్తున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడి 9 మంది చనిపోయారు. జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర పత్తి పనికి కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది చనిపోయారు. రెండు చోట్లా పోయినవాళ్లలో దాదాపు అందరూ ఆడకూలీలే.

ఇలాంటిది జరిగినప్పుడల్లా ముందు వినిపించే మాట డ్రైవర్ నిర్లక్ష్యం. అది నిజమే కావచ్చు. కానీ అదే డ్రైవర్ అదే పొరపాటు ఖాళీ ట్రాలీతో చేసి ఉంటే ప్రాణం పోయే ప్రమాదం అతనొక్కడికే. ఇంతమంది పోవడానికి కారణం వాళ్లు కూర్చున్న చోటే. సరుకు బండ్లలో మనుషులను ఎక్కించొద్దని చట్టం అంత గట్టిగా ఎందుకు చెబుతోందో తెలియాలంటే, ముందు ఆ బండి ఎలా తయారైందో చూడాలి.

ట్రాక్టర్ సీటు మీద కూర్చుంటే కుడికాలి దగ్గర పక్కపక్కనే రెండు బ్రేకు పెడల్స్ ఉంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానికి, రెండోది కుడి వెనక చక్రానికి. దున్నేటప్పుడు సాలు చివర ఒక్క చక్రాన్నే ఆపి చప్పున మళ్లించడానికి ఈ ఏర్పాటు. రోడ్డెక్కే ముందు ఈ రెంటినీ కలిపి ఉంచే చిన్న కొక్కెం వేయాలి. చేలోంచి నేరుగా రోడ్డెక్కే హడావిడిలో చాలామంది దాన్ని మరిచిపోతారు. అప్పుడు ఎదురుగా ఏదైనా వచ్చి కంగారుగా బ్రేకు తొక్కితే, కాలు ఒక్క పెడల్ మీదే పడితే, బండి ఆగడానికి బదులు ఆ పక్కకు లాగేస్తుంది. ఆ పక్కన కాలువ ఉంటే కాలువలోకే.

బ్రేకులు సరిగా పడ్డా కథ ముగియదు. మన ఊళ్లలో తిరిగే ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు లేవు. ట్రాక్టర్ ఆగుతుంటే వెనకనుంచి ట్రాలీ బరువంతా దాన్ని నెడుతుంది. దిగుడు దారిలో, మలుపులో ఈ తోపుడు ఎక్కువై ట్రాలీ ఒక పక్కకు, ట్రాక్టర్ మరో పక్కకు తిరుగుతాయి. రెంటినీ కలిపేది ఒక్క పిన్ను. దానికి అడుగున క్లిప్పు లేకపోతే గతుకుల్లో పైకి ఎగిరి ఊడిపోతుంది.

ఇక ట్రాలీలో ఉన్నది బస్తాలా, మనుషులా అన్నది పెద్ద తేడా. ధాన్యం బస్తాలు అడుగున పరుచుకుని, బరువును కిందనే ఉంచుతాయి. మలుపులో అవి కదలవు. పాతికమంది మనుషుల బరువు మహా అయితే ఒకటిన్నర టన్ను, బస్తాల బరువుతో పోలిస్తే తక్కువే. కానీ నిలబడ్డవాళ్లు, పక్క డోర్ల అంచుల మీద కూర్చున్నవాళ్లు ఆ బరువును పైకి చేరుస్తారు. మలుపులో అందరూ ఒకేసారి ఒక పక్కకు ఒరుగుతారు. బండి ఏ పక్కకు వాలుతోందో ఆ పక్కకే బరువూ చేరుతుంది. రెండు చక్రాల ట్రాలీలో ఇంకో చిక్కుంది. జనం వెనక భాగానికి జరిగితే ట్రాలీ ముక్కు పైకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక చక్రాల మీద పడాల్సిన బరువు తగ్గి వాటి పట్టు సడలుతుంది. ఆ బండికి ఉన్న బ్రేకులన్నీ ఆ చక్రాలకే.

బస్సు పల్టీ కొట్టినా లోపలివాళ్ల చుట్టూ కప్పు, చట్రం ఉంటాయి. ట్రాలీకి ఏమీ ఉండవు. పట్టుకోవడానికి కడ్డీ లేదు, ఆనుకున్న డోరును ఆపేది గొళ్లెం మాత్రమే. పల్టీ కొట్టిందంటే బోర్లించిన గిన్నెలా మనుషుల మీద మూతపడుతుంది. ఇనుప ట్రాలీని పదిమంది చేతులతో ఎత్తలేరు, జేసీబీనో క్రేనో రావాలి. కాలువలో నడుం లోతు నీళ్లున్నా, కింద చిక్కుకున్నవాళ్లకు అంత వ్యవధి ఉండదు. ఈతొచ్చినా లాభం లేదు.

చట్టం మాట ఈ నిర్మాణం మీదే నిలబడింది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు రవాణా వాహనం అంటే సరుకు మోయడానికి తయారుచేసింది. ట్రాక్టర్ అయితే అసలు తన మీద ఏ బరువూ మోయడానికి తయారైంది కాదు, లాగడానికే. 1989 నాటి రోడ్డు నియమాలు ట్రాక్టర్ మీద డ్రైవర్ మరెవరినీ ఎక్కించుకోకూడదని, సరుకు బండి క్యాబిన్‌లో ఆర్‌సీలో రాసిన సంఖ్యకు మించి కూర్చోబెట్టకూడదని విడివిడిగా చెప్పాయి. మడ్‌గార్డు మీద కూర్చున్న మనిషి కూడా నిషేధం కిందికే వస్తాడు. కిరాయి తీసుకోలేదన్నది జవాబు కాదు. సరుకు బండిలో మనుషులను తీసుకెళ్లే డ్రైవర్ల లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది.

జరిమానా, లైసెన్సు సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది ఇన్సూరెన్సు సంగతి. "మా బండికి ఇన్సూరెన్సు ఉందిలే" అన్న ధీమాతోనే రైతులు కూలీలను, చుట్టాలను ఎక్కిస్తారు. అక్కడే మోసపోతారు.

థర్డ్ పార్టీ పాలసీ రోడ్డు మీద వెళ్లేవాళ్లకు బండి వల్ల కలిగే నష్టాన్ని భరిస్తుంది. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్లూ దాని కిందికి వస్తారా అన్నది చాలా ఏళ్లు తేలలేదు. 1999 డిసెంబరులో సుప్రీంకోర్టు వస్తారంది. 2002 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. కారణం సూటిగా ఉంది. 1994 సవరణలో పార్లమెంటు సరుకు యజమానిని, అతని ప్రతినిధిని మాత్రమే రక్షణలో కొత్తగా చేర్చింది. బండెక్కిన ప్రతివాడికీ ముందునుంచే రక్షణ ఉండి ఉంటే ఆ చేర్పుతో పనే లేదు. పైగా అలాంటి ప్రయాణికుల కోసం కంపెనీ ప్రీమియమే తీసుకోలేదు.

సరే, మరి సొంత సరుకుతో వెళ్లేవాళ్ల మాటేమిటి? కూరగాయల బుట్టలు వేసుకుని వాటి పక్కనే కూర్చుని సంతకు వెళ్లే మనిషి సరుకు యజమానే కదా? ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2007లో సుప్రీంకోర్టు దీనికీ హద్దు గీసింది. సరుకు యజమానికి రక్షణ దొరకాలంటే అతను క్యాబిన్‌లో కూర్చోవాలి. బస్తాల మీద కూర్చుంటే సరుకు తనదైనా లెక్కలోకి రాడు. ట్రాక్టర్‌లో క్యాబిన్ లేదు, ఉన్నది డ్రైవర్ సీటు ఒక్కటే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 35 ఏళ్ల కూలీ చనిపోయిందనుకుందాం. ఆదాయానికి కాగితాలు లేవు కాబట్టి ట్రిబ్యునల్ నెలకు 9,000 రూపాయలుగా అంచనా వేసిందనుకుందాం. 40 ఏళ్ల లోపు వాళ్లకు ముందుముందు ఆదాయం పెరుగుతుందని 40 శాతం కలుపుతారు, అప్పుడు నెలకు 12,600. ఏడాదికి 1,51,200. ఆమె మీద ఆధారపడ్డవాళ్లు నలుగురుంటే సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, మిగిలేది 1,13,400. ఆ వయసుకు నిర్ణయించిన గుణకం 16. హెచ్చిస్తే 18,14,400 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, కుటుంబం కోల్పోయిన తోడు కింద ఇచ్చేవి దీనికి అదనం, వడ్డీ వేరు. అదే ట్రాలీలో ముగ్గురు పోతే అరకోటి దాటుతుంది.

ఈ మొత్తం కట్టాల్సింది బండి యజమాని. ఎక్కువసార్లు అతను నాలుగైదెకరాల రైతు, చనిపోయిన ఆమె పొరుగు వీధిలోనిదే. కొన్ని కేసుల్లో కోర్టులు ముందు ఇన్సూరెన్సు కంపెనీనే చెల్లించమని, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని చెబుతాయి. 2007లో సుప్రీంకోర్టు ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాలీలో ఉన్న కూలీ విషయంలో, వ్యవసాయ పనికి చేసిన ఇన్సూరెన్సు దీనికి వర్తించదని తేల్చి కూడా, తన ప్రత్యేక అధికారంతో ఇదే దారి పట్టింది. దానివల్ల బాధిత కుటుంబానికి డబ్బు త్వరగా అందుతుంది. యజమాని నెత్తిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది, వసూలుకు వచ్చేది కంపెనీ అన్నదొక్కటే తేడా. అలా చెప్పడమూ కోర్టు విచక్షణే, పాలసీ ఇచ్చిన హక్కు కాదు. ఆ ఊరట లేనిచోట కూలీ కుటుంబం చేతిలో తీర్పు కాగితం ఉంటుంది, డబ్బు ఉండదు. వాళ్లు రైతు పొలాన్ని జప్తు చేయించాలి, లేదా ఊరి పెద్దల దగ్గర ఎంతో కొంతకు ఒప్పుకోవాలి.

ఇదంతా తెలిసినా ట్రాలీలు ఆగవని రైతులు, మేస్త్రీలు ఇద్దరూ అంటారు. వాళ్ల మాటలోనూ నిజముంది. మిరప ఏరే రోజుల్లో ఊళ్లో కూలీలు చాలక పక్క మండలం నుంచి పిలిపించాలి. తెల్లవారుజామున చేను గట్టుదాకా వెళ్లే బస్సు ఉండదు. ప్యాసింజర్ ఆటోలో ముగ్గురికే చోటు, కాబట్టి పదిమందిని కుక్కుతారు, అది మరో ప్రమాదం. ట్రాక్టర్ ఇంటి ముందే ఉంది, డీజిల్ ఖర్చు తప్ప ఇంకేమీ కనబడదు.

అయితే కూలీల ప్రయాణ ఖర్చు ఇప్పటికే బేరంలో ఒక భాగం. మేస్త్రీతో కూలి రేటు మాట్లాడుకున్నప్పుడే ఆటో కిరాయి ఎవరిదో తేల్చుకోవడం చాలా ఊళ్లలో అలవాటు. అక్కడే ఎన్ని ఆటోలో కూడా తేల్చుకోవచ్చు. పెళ్లికో జాతరకో డీసీఎం మాట్లాడేవాళ్లు ముందు ఆర్‌సీలో సీటింగ్ కెపాసిటీ అన్న వరుస చూడాలి. సరుకు బండికి అక్కడ డ్రైవర్‌తో కలిపి రెండో మూడో ఉంటుంది, ట్రాక్టర్‌కు ఒకటి. పాలసీలో బండిని దేనికి వాడకూడదో చెప్పే పేరా ఒకటి ఉంటుంది. డ్రైవర్ కాకుండా ఆర్‌సీలో అనుమతించిన ఉద్యోగులను మించి మనుషులను తీసుకెళ్తే వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. పాలసీ తెలుగులో లేకపోతే ఏజెంటుచేత ఆ ఒక్క పేరా చదివించుకోవాలి. డబ్బు కట్టే రోజున అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ట్రాలీలో కూర్చున్న మనిషికి ఏమైనా అయితే మీరు కడతారా, నేను కట్టాలా?