నిఫ్టీ పెరిగినా ప్రీమియం ఎందుకు తగ్గింది?

మంగళవారం సాయంత్రం నిఫ్టీ సరిగ్గా 25,000 దగ్గర ఆగిందనుకుందాం. పెరుగుతుందన్న నమ్మకంతో ఒక ట్రేడర్ వచ్చే మంగళవారం ముగిసే 25,000 కాల్ ఆప్షన్‌ను 166 రూపాయలకు కొన్నాడు. శుక్రవారం సాయంత్రానికి నిఫ్టీ 40 పాయింట్లు పెరిగింది. అతని అంచనా తప్పలేదు. అయినా చేతిలోని కాల్ ధర 146 రూపాయలే చూపిస్తోంది. 2025 చివరి దాకా ఉన్న 75 యూనిట్ల లాట్ లెక్కన 1,500 రూపాయల నష్టం. మార్కెట్ అతను చెప్పిన వైపే వెళ్లినా డబ్బు పోయింది.

ఇందులో మోసం లేదు, బ్రోకర్ పొరపాటూ లేదు. ఈ అంకెలు ఆప్షన్ల ధర కట్టే మామూలు సూత్రం నుంచి వచ్చినవే. వడ్డీని పక్కన పెట్టి, నిఫ్టీ ఒడుదొడుకులు ఏడాదికి 12 శాతం ఉంటాయని మార్కెట్ అంచనా వేస్తున్నట్టు తీసుకున్న లెక్క ఇది. మూడు రోజులు గడిచినందుకు ఆప్షన్ విలువలో కొంత కరిగిపోయింది. నిఫ్టీ పెరగడం వల్ల వచ్చిన లాభం ఆ కరుగుదలను పూడ్చలేకపోయింది. ఆ ట్రేడర్ అసలుకు రావాలంటే శుక్రవారానికి నిఫ్టీ దాదాపు 75 పాయింట్లు పెరిగి ఉండాలి.

ఆప్షన్ ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. ఈ క్షణంలోనే గడువు ముగిస్తే చేతికొచ్చే మొత్తం మొదటిది. నిఫ్టీ 25,040 దగ్గర ఉంటే 25,000 కాల్‌కు అది 40 రూపాయలు. దీన్ని అంతర్గత విలువ అంటారు. గడువులోగా ఇంకా ఏదైనా జరగవచ్చన్న అవకాశానికి కట్టే ధర రెండోది. అదే కాల విలువ. ఎక్స్‌పైరీ నాటికి అది సున్నా అయి తీరుతుంది, ఎందుకంటే ఆ తర్వాత జరగడానికి ఏమీ మిగలదు. మిగతావన్నీ మారకుండా ఒక రోజు గడిస్తే ఆప్షన్ ఎంత విలువ కోల్పోతుందో చెప్పే అంకె థీటా. ఆప్షన్ కొన్నవారికి థీటా మైనస్, అమ్మినవారికి ప్లస్. ఒకరి ఖాతాలో రోజూ తరిగేదే రెండోవారి ఖాతాలో చేరుతుంది.

ఈ తరుగుదల రోజుకింత చొప్పున సమానంగా సాగదు. స్ట్రయిక్ ధర సూచీ దగ్గరే ఉన్న ఆప్షన్‌లో కాల విలువ, మిగిలిన రోజుల వర్గమూలాన్ని అనుసరిస్తుంది. కారణం సూచీ కదలికలోనే ఉంది. నాలుగు రోజుల్లో సూచీ సగటున వెళ్లే దూరం ఒక్క రోజు దూరానికి నాలుగు రెట్లు ఉండదు, రెండు రెట్లే ఉంటుంది. ఒక రోజు పైకి, మరో రోజు కిందికి పోతూ కదలికలు కొంతవరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే గడువు నాలుగో వంతుకు తగ్గినా ఆప్షన్ విలువ సగానికే తగ్గుతుంది. పై లెక్కలోనే 28 రోజుల గడువున్న 25,000 కాల్ ధర 332 రూపాయలు, ఏడు రోజులు మిగిలినప్పుడు 166. మూడు వారాల్లో సగం పోతే, మిగతా సగం చివరి ఒక్క వారంలో పోతుంది.

ఆ చివరి వారం ఎలా సాగుతుందో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. సూచీ కదలకుండా ఉంటే మొదటి రోజు 12 రూపాయలు తగ్గుతాయి. వారం మధ్యలో రోజుకు 15, 17 చొప్పున పోతాయి. రెండు రోజులు మిగిలినప్పుడు 89 ఉన్న ధర మర్నాటికి 63 అవుతుంది. ఆ 63 మొత్తం ఆఖరి రోజున సున్నా అవుతుంది. బ్రోకర్ తెరపై కనిపించే థీటాను నమ్ముకున్నవారు తడబడేది ఇక్కడే. తెరపై అంకె ఆ క్షణంలో విలువ కరుగుతున్న వేగం మాత్రమే. ఒక రోజు మిగిలి ఉండగా సూత్రం చూపే థీటా దాదాపు 31, నిజంగా పోయేది దానికి రెట్టింపు. గడువు దూరంగా ఉన్నప్పుడు ఆ అంకె బాగానే పనికొస్తుంది. ఎక్స్‌పైరీ ముంగిట మాత్రం గంట గంటకూ మారిపోతుంది.

ఎక్స్‌పైరీ రోజునే తీసుకుందాం. నిఫ్టీ వారపు ఆప్షన్ల గడువు 2025 సెప్టెంబరు నుంచి గురువారం బదులు మంగళవారం ముగుస్తోంది. ఉదయం 9.15కు 63 రూపాయలున్న కాల్‌లో, సూచీ అక్కడే ఉంటే మధ్యాహ్నం 2.30కి కూడా 25 రూపాయల దాకా మిగిలి ఉంటుంది. చివరి గంటలో అది కూడా మాయమవుతుంది. సెటిల్‌మెంట్‌కు తీసుకునే నిఫ్టీ ముగింపు విలువ 3.30 నాటి ఆఖరి అంకె కాదు, చివరి అరగంటలో షేర్ల లావాదేవీల సగటు నుంచి వచ్చేది. కాబట్టి మూడు దాటాక నిమిషం నిమిషానికీ ఫలితం కొంత కొంత ఖాయమైపోతూ ఉంటుంది. 3.25కు సూచీ హఠాత్తుగా 30 పాయింట్లు ఎగిరినా సగటులో దాని వాటా కొద్దిగానే ఉంటుంది. ఆ ఎగురుడును నమ్మి ఆఖరి నిమిషాల్లో కొన్నవారికి చేతికొచ్చేది అనుకున్నదానికన్నా తక్కువే.

“చివరి రోజున విలువ ఎక్కువగా కరుగుతుంది” అన్న మాట అన్ని స్ట్రయిక్‌లకూ వర్తించదు. చాలామంది చిన్న మదుపర్లు చవగ్గా దొరుకుతాయని దూరపు స్ట్రయిక్‌లు కొంటారు. అదే మంగళవారం 25,300 కాల్ ధర లెక్క ప్రకారం 57 రూపాయలు. నిఫ్టీ 25,000 దగ్గరే ఉండిపోతే శుక్రవారానికి అది 28కి దిగుతుంది. మూడు రోజుల్లోనే సగం పోయింది. సోమవారం సాయంత్రానికి రెండు రూపాయలు కూడా మిగలవు. సూచీకి దూరంగా ఉన్న ఆప్షన్ ముందుగానే కరిగిపోతుంది, ఎక్స్‌పైరీ రోజు వచ్చేసరికి కరగడానికి అందులో ఏమీ ఉండదు. శాతాల్లో చూస్తే చవక ఆప్షన్‌కే కాలం ఎక్కువ భారం.

శుక్రవారం అమ్మి సోమవారం కొనేస్తే శని, ఆదివారాల థీటా ఊరికే వస్తుందని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. కానీ సెలవులు వస్తున్నాయని కొనేవారికీ తెలుసు. అందుకే శుక్రవారం మధ్యాహ్నం నుంచే ధరలు కొంత తగ్గి, ఆ రెండు రోజుల కరుగుదలలో పెద్ద భాగం ముందే ప్రీమియంలోంచి పోతుంది. సోమవారం ఉదయం సూచీ గ్యాప్‌తో తెరుచుకునే ప్రమాదం మాత్రం అమ్మినవారి దగ్గరే ఉంటుంది.

ఇంతవరకూ చదివితే ఆప్షన్లు అమ్మడమే తెలివైన పని అనిపించవచ్చు. కాలం ఆగదు కదా! కానీ అమ్మినవారికి థీటా రూపంలో వచ్చేది ఉచిత ఆదాయం కాదు, ఒక ప్రమాదాన్ని మోస్తున్నందుకు ముట్టే కిరాయి. 12 శాతం వార్షిక ఒడుదొడుకులంటే రోజుకు సుమారు 157 పాయింట్ల కదలిక. అసలు కదలిక అంతకన్నా తక్కువగా ఉన్న రోజుల్లో అమ్మినవారు గెలుస్తారు, మించిన రోజుల్లో కొన్నవారు గెలుస్తారు. పైగా గడువు దగ్గరపడేకొద్దీ, సూచీ దగ్గరున్న ఆప్షన్ ధర సూచీ కదలికకు మరింత తీవ్రంగా స్పందిస్తుంది. దీన్ని గామా అంటారు. థీటా పెరిగే చోటే గామా కూడా పెరుగుతుంది. ఒకటి వద్దనుకుని రెండోది మాత్రమే తీసుకునే వీలు లేదు.

సోమవారం సాయంత్రం ఒకరు 25,000 కాల్‌నూ పుట్‌నూ చెరో 63కు అమ్మి, 126 రూపాయల ప్రీమియం తీసుకున్నారనుకుందాం. మంగళవారం నిఫ్టీ ఎటువైపైనా 126 పాయింట్లలోపు కదిలితే ఎంతో కొంత లాభం. ఒక శాతం, అంటే 250 పాయింట్లు కదిలితే అదే 75 యూనిట్ల లాట్ లెక్కన 9,300 రూపాయల నష్టం. సూచీ ఒక శాతం కదలడం అరుదైన సంగతి కాదు.

అమ్మినవారి కష్టం ఎంతవరకు వెళ్లగలదో 2024 జూన్ మొదటి వారం చూపించింది. లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ తర్వాత జూన్ 3, సోమవారం నిఫ్టీ మూడు శాతానికి పైగా ఎగిసి 23,264 దగ్గర ముగిసింది. ఆ గురువారం, జూన్ 6న గడువు ముగిసే 22,500 పుట్‌ను ఆ సాయంత్రం అమ్మినవారికి అది భద్రమైన దూరంలాగే కనిపించి ఉంటుంది. మధ్యలో 760 పాయింట్లకు పైగా జాగా, మూడు రోజుల థీటా. మర్నాడు ఓట్ల లెక్కింపు సాగుతుండగా నిఫ్టీ ఒక దశలో 21,300 కన్నా కిందికి జారింది. ఆ సమయంలో 22,500 పుట్ అంతర్గత విలువే 1,200 రూపాయలు దాటింది. అప్పటి 25 యూనిట్ల లాట్‌కు 30,000 రూపాయల పైమాటే. దానికి తోడు భయం పెరిగి ఒడుదొడుకుల అంచనా కూడా ఎగబాకడంతో, మార్కెట్లో పుట్ల ధరలు అంతర్గత విలువకన్నా పైనే నడిచాయి. రోజు ముగిసేసరికి నిఫ్టీ దాదాపు ఆరు శాతం నష్టంతో 21,884 దగ్గర ఉంది.

తర్వాతి రెండు రోజుల్లో సూచీ కోలుకుంది. జూన్ 6, గురువారం 22,821 దగ్గర ముగిసింది. అంటే ఆ 22,500 పుట్ చివరికి సున్నా అయింది. కాగితంపై చూస్తే అమ్మినవారికి తీసుకున్న ప్రీమియమంతా మిగలాలి. కానీ మంగళవారం మధ్యాహ్నాన్ని దాటితేనే గురువారం వరకు వెళ్లగలరు. నష్టం పెరిగేకొద్దీ బ్రోకర్ మరింత మార్జిన్ అడుగుతాడు, ఖాతాలో అంత డబ్బు లేకపోతే పొజిషన్‌ను మూసేస్తాడు. అలా 1,200 దగ్గర తిరిగి కొనాల్సి వచ్చినవారికి గురువారం ముగింపు వల్ల ఒరిగేదేమీ లేదు.

సెబీ 2024 అక్టోబరులో తెచ్చిన మార్పుల్లో కొన్ని నేరుగా ఈ చివరి రోజు మీదే గురిపెట్టాయి. ఒక్కో ఎక్స్‌ఛేంజ్‌కు ఒకే సూచీపై వారపు ఎక్స్‌పైరీ ఉండాలన్నారు. గడువు రోజున ఆప్షన్లు అమ్మినవారిపై కాంట్రాక్ట్ విలువలో రెండు శాతం అదనపు మార్జిన్ వేశారు. 2025 చివరి దాకా ఉన్న 75 యూనిట్ల లాట్ విలువ 25,000 దగ్గర 18.75 లక్షలు కాబట్టి, ఆ ఒక్క రోజు కోసం అదనంగా 37,500 రూపాయలు పక్కన పెట్టాల్సి వచ్చేది.

ఇక మొదట చెప్పిన కొనుగోలుదారు దగ్గరికొస్తే, అతని ముందు వేరే దారులూ ఉన్నాయి. 25,000 కాల్‌ను 166కు కొని, అదే గడువున్న 25,300 కాల్‌ను 57కు అమ్మి ఉంటే పెట్టుబడి 109 రూపాయలకు దిగేది. శుక్రవారం దాకా సూచీ కదలకపోతే ఒక్క కాల్ మాత్రమే కొన్నవారికి 40 రూపాయలు పోయేవి, ఇక్కడ 11 మాత్రమే పోయేవి. దీనికి బదులుగా 25,300 దాటిన లాభాన్ని అతను వదులుకోవాలి. లేదా 28 రోజుల కాల్ కొని, చివరి వారం మొదలయ్యేలోపే బయటపడవచ్చు. దానికి దాదాపు రెట్టింపు డబ్బు పెట్టాలి, కానీ మొదటి రోజుల్లో రోజుకు పోయేది ఆరు రూపాయలే. వచ్చే రెండు మూడు రోజుల్లోనే పెద్ద కదలిక వస్తుందని గట్టి కారణం ఉన్నవారికి వారపు ఆప్షన్ సరిపోతుంది. ఎప్పుడో ఒకప్పుడు పెరుగుతుందన్న అంచనాతో దాన్ని కొంటే, నిఫ్టీ 40 పాయింట్లు పెరిగినా 20 రూపాయలు తగ్గే శుక్రవారాలు వస్తూనే ఉంటాయి.