ఎంవీపీ అంటే చిన్న ప్రొడక్ట్ కాదు.. ముందు ఓ ప్రశ్న!

ఎంట్రప్రెన్యూర్‌షిప్ పేపర్‌లో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది. ‘బిల్డ్-మెజర్-లెర్న్ లూప్‌ను వివరించండి. మినిమమ్ వయబుల్ ప్రొడక్ట్ గురించి రాయండి’ అని. చాలామంది మూడు బాణాలతో ఓ వృత్తం గీసి, ‘తక్కువ ఫీచర్లతో త్వరగా తయారుచేసే ప్రొడక్టే ఎంవీపీ’ అని రాసేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. రాసింది పూర్తిగా తప్పేం కాదు. కానీ అసలు విషయం అందులో లేదు.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన ఎరిక్ రీస్ 2011లో ‘ద లీన్ స్టార్టప్’ పుస్తకం రాశాడు. ‘లీన్’ అన్న మాట టయోటా ఫ్యాక్టరీల ఉత్పత్తి విధానం నుంచి వచ్చింది. అక్కడ వృథా అంటే అమ్ముడుపోకుండా గోదాములో పడి ఉన్న సరుకు. స్టార్టప్‌లో వృథా అంటే ఎవరికీ అక్కర్లేని యాప్ కోసం ఖర్చుపెట్టిన ఆరు నెలలు. ఆ ఆరు నెలలు పోకముందే, కస్టమర్ గురించి మనం నమ్ముతున్నది నిజమో కాదో తక్కువ శ్రమతో తేల్చిచెప్పేదే ఎంవీపీ. అంటే దాని పని అమ్మకం కన్నా ముందు సమాధానం తేవడం. ఆ సమాధానాన్నే సిలబస్‌లో ‘వ్యాలిడేటెడ్ లెర్నింగ్’ అంటారు.

ఇది బుర్రకెక్కాలంటే ఆబిడ్స్ వెళ్దాం.

ఆదివారం ఫుట్‌పాత్

ఆదివారం షాపుల షట్టర్లు మూసి ఉంటాయి కాబట్టి ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. నవలలు, పాత మ్యాగజైన్లు, వాటి మధ్యలో ఇంజినీరింగ్ టెక్స్ట్‌బుక్స్. అక్కడ రెండు గంటలు తిరిగిన ప్రతి బీటెక్ కుర్రాడికీ ఓ ఐడియా వస్తుంది. ‘వీటన్నింటినీ ఓ యాప్‌లో పెడితే?’ అని. నాంపల్లి దగ్గర్లో చదువుకుంటున్న ముగ్గురు ఫ్రెండ్స్‌కు ఈ ఐడియానే వచ్చిందనుకుందాం. ఇది కల్పిత ఉదాహరణే, అంకెలు కూడా ఊహించినవే. పరీక్షలో రాసేటప్పుడు మీరూ ఇలా సొంత ఉదాహరణ తీసుకోవచ్చు.

ఈ ముగ్గురూ నేరుగా కోడింగ్‌కు కూర్చుంటే మొదట లాగిన్ పేజీ, తర్వాత సెర్చ్, ఆ తర్వాత పేమెంట్ గేట్‌వే అంటూ సెమిస్టర్ గడిచిపోతుంది. లూప్ పేరులో ‘బిల్డ్’ ముందుంది కదా అని చాలామంది చేసేది ఇదే. కానీ రీస్ స్పష్టంగా చెప్పిన సంగతి ఒకటుంది. పనిచేసే వరుస బిల్డ్, మెజర్, లెర్న్. ప్లాన్ చేసే వరుస మాత్రం దానికి పూర్తిగా రివర్స్. ముందు ఏం తెలుసుకోవాలో తేల్చుకోవాలి. అది తెలియాలంటే ఏం కొలవాలో నిర్ణయించుకోవాలి. ఆ కొలతకు సరిపడా మాత్రమే కట్టాలి. జవాబులో ఈ ఒక్క పాయింట్ రాస్తే మిగతా పేపర్ల మధ్య మీది వేరుగా కనిపిస్తుంది.

సరే, మనవాళ్లు తెలుసుకోవాల్సింది ఏమిటి? వాళ్ల ఐడియా కింద చాలా నమ్మకాలున్నాయి. పుస్తకం దొరుకుతుందని, అమ్మేవాళ్లు సహకరిస్తారని, స్టూడెంట్ డబ్బులిస్తాడని. వీటిలో ఏది అబద్ధమైతే మొత్తం ఐడియా కుప్పకూలుతుందో అదే ముందు పరీక్షించాలి. ఇక్కడ అది చివరిది: ‘ఆదివారం తిరిగే పని తప్పుతుందంటే స్టూడెంట్ పుస్తకం ధర మీద 40 రూపాయలు అదనంగా ఇస్తాడా?’ ఇలా కస్టమర్‌కు నిజంగా ఉపయోగం ఉందా అని అడిగేది వ్యాల్యూ హైపాథసిస్. కొత్త కస్టమర్లు ఎలా వచ్చి చేరతారన్నది గ్రోత్ హైపాథసిస్. మొదటిది తేలకుండా రెండోదాని జోలికి వెళ్లి లాభం లేదు.

గీత ముందే గీయాలి

కొలత విషయంలోనే ఎక్కువమంది దారి తప్పుతారు. ‘ఇలాంటి యాప్ ఉంటే వాడతావా?’ అని అడిగితే మన ఫ్రెండ్స్‌లో కాదనేవాడెవడు? ‘సూపర్ రా’ అంటాడు. ఆ మాట కొలత కాదు. వాట్సాప్ గ్రూప్‌లో చేరినవాళ్ల సంఖ్య కూడా కొలత కాదు. పెరుగుతూ పోయి మనల్ని సంతోషపెట్టడం తప్ప, తర్వాత ఏం చేయాలో చెప్పని ఇలాంటి అంకెల్ని ‘వ్యానిటీ మెట్రిక్స్’ అంటారు. జేబులోంచి డబ్బు తీయడం కొలత. అందుకే మనవాళ్లు శుక్రవారం రాత్రిలోగా 100 రూపాయలు అడ్వాన్స్ కట్టినవాళ్లనే లెక్కపెట్టాలనుకున్నారు. పుస్తకం దొరక్కపోతే ఆ డబ్బు వాపసు.

ఎంతమంది కడితే ఐడియా నిలబడినట్టు? ఆదివారం ఇద్దరు వెళ్లిరావడానికి చార్జీలు, టిఫిను, సంచులు కలిపి 400 రూపాయలు అవుతుందనుకుందాం. మనిషికి 40 చొప్పున పదిమంది ఉంటేనే ఆ ఖర్చు వెనక్కి వస్తుంది. కొన్ని పుస్తకాలు దొరకవు కాబట్టి ఇంకో ఇద్దరిని కలిపి, 60 మందిని అడిగితే కనీసం 12 మంది కట్టాలని కాగితం మీద రాసుకున్నారు. అంటే 20 శాతం. ఈ గీతను ఫలితం రాకముందే గీయాలి. తర్వాత గీస్తే, ఎంత వచ్చినా ‘బాగానే వచ్చింది’ అనిపిస్తుంది.

ఇక బిల్డ్. ఈ కొలతకు యాప్ ఎందుకు? ఏ పుస్తకం కావాలో రాయించుకోవడానికి ఓ ఫోన్ నంబర్, అడ్వాన్స్‌కు ఓ క్యూఆర్ కోడ్, ఆదివారం వెళ్లి వెతికే ఇద్దరు మనుషులు. అంతే వాళ్ల ఎంవీపీ. ఒక్క లైను కోడ్ లేదు.

9 అనే అంకెలో ఏముంది?

60 మందిని అడిగారు. 31 మంది ఐడియా బాగుందన్నారు. డబ్బు కట్టింది 9 మంది. గీత 12 దగ్గర ఉంది కాబట్టి ఫెయిల్. ఇక్కడే ఆపేస్తే లూప్‌లో లెర్న్ అనే మాటకు అర్థం లేదు.

ఆ 60 మందిలో 40 మంది సెమిస్టర్ పరీక్షలకు చదివే బీటెక్ వాళ్లు, 20 మంది గేట్‌కు ప్రిపేరయ్యేవాళ్లు. విడదీసి చూస్తే 40 మందిలో కట్టింది ఇద్దరే, అంటే 5 శాతం. 20 మందిలో ఏడుగురు కట్టారు, అంటే 35 శాతం. కలిపి చూస్తే కనిపించని తేడా ఇది. కారణం అడిగితే బీటెక్ వాళ్లు సీనియర్ల నోట్స్ జిరాక్స్ చాలన్నారు. గేట్ వాళ్లకు కాన్సెప్ట్ వివరంగా ఉన్న టెక్స్ట్‌బుక్ కావాలి, పాత ఎడిషన్ అయినా పర్లేదు. ఏడుగురిలో ఐదుగురికి పుస్తకం దొరికింది కూడా.

ఇప్పుడు రెండు దారులు. ఉన్న వ్యూహంతోనే ముందుకెళ్తే ‘పర్సివియర్’. తెలుసుకున్నదాన్ని బట్టి వ్యూహం మారిస్తే ‘పివట్’. ఇక్కడ సర్వీసు అదే, కస్టమర్ మారాడు కాబట్టి ఇది ‘కస్టమర్ సెగ్మెంట్ పివట్’. అలాగని 20 మందిలో ఏడుగురిని చూసి గేట్ వాళ్లందరూ కొంటారని రాయకండి. అది రుజువు కాదు, తర్వాతి రౌండ్‌కు దొరికిన ప్రశ్న. ఈసారి గేట్ వాళ్లనే 60 మందిని అడగాలి, కొత్త గీత గీసుకోవాలి.

ఒక జాగ్రత్త. మనవాళ్లు పేజీలు చిరిగిన పుస్తకం తెచ్చి ఇచ్చారనుకోండి, కస్టమర్ రెండోసారి రాడు. అతను కాదన్నది ఐడియాను కాదు, చిరిగిన పుస్తకాన్ని. అప్పుడు కొలతే పాడవుతుంది. ‘మినిమమ్’ పక్కన ‘వయబుల్’ ఉన్నది ఇందుకే. ఫీచర్లు తగ్గించొచ్చు కానీ మాటిచ్చిన ఆ ఒక్క పనీ సరిగ్గా జరగాలి.

కన్సీయర్జా, విజర్డ్ ఆఫ్ ఓజా?

రెండు మార్కుల ప్రశ్నల్లో ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. మనవాళ్లు చేసింది కన్సీయర్జ్ ఎంవీపీ. పని చేస్తున్నది మనుషులేనని కస్టమర్‌కు తెలుసు. విజర్డ్ ఆఫ్ ఓజ్‌లో కస్టమర్‌కు అంతా సిస్టమే చేస్తున్నట్టు కనిపిస్తుంది, తెర వెనక మనిషి ఉంటాడు. దీనికి దగ్గరి ఉదాహరణ జాపోస్. 1999లో నిక్ స్విన్‌మర్న్ స్థానిక షాపుల్లోని బూట్లకు ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టాడు. ఆర్డర్ వస్తే షాపుకెళ్లి పూర్తి ధరకు కొని పంపేవాడు. లాభం లేదు, స్టాకూ లేదు. వేసి చూడకుండా జనం ఆన్‌లైన్‌లో బూట్లు కొంటారా అన్నదే అతని ప్రశ్న. పదేళ్లకు, 2009లో ఆ కంపెనీని అమెజాన్ కొనుక్కుంది.

పనిలో పనిగా ఇంకో మాట. నాంపల్లి నుమాయిష్‌నూ కొందరు ఎంవీపీకి ఉదాహరణగా చెబుతుంటారు. 1938లో ఉస్మానియా గ్రాడ్యుయేట్లు పబ్లిక్ గార్డెన్స్‌లో కొద్దిపాటి స్టాళ్లతో మొదలుపెట్టారు, ఇప్పుడు ఎంత పెద్దదో చూడండి అంటూ. నా లెక్కలో అది ఎంవీపీ కాదు. చిన్నగా మొదలవడం వేరు, ఓ నమ్మకాన్ని పరీక్షించడానికి చిన్నగా కట్టడం వేరు. ముందే రాసుకున్న హైపాథసిస్, కొలత ఉంటేనే ఆ పేరు.

మన దగ్గరి కేసు

పేరున్న కేసు రాయమంటే రెడ్‌బస్ రాయండి. నిజామాబాద్ జిల్లాలో పుట్టిన ఫణీంద్ర సామ, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ 2005 దీపావళికి ఇంటికి రావాలనుకుంటే బస్ టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో ఏ ట్రావెల్ ఏజెంట్‌కూ పూర్తిగా తెలియదని అప్పుడే అర్థమైంది. తన బిట్స్ పిలానీ స్నేహితులతో కలిసి సాఫ్ట్‌వేర్ రాశాడు. దాన్ని బస్ ఆపరేటర్ల చేతిలో పెడితే సమస్య తీరుతుందన్నది వాళ్ల నమ్మకం. ఆపరేటర్లు ఆసక్తి చూపలేదు.

సమస్య నిజమే, సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. తేలింది ఏమిటంటే, వాళ్లు ఊహించుకున్న కస్టమర్ సరైనవాడు కాదని. దాంతో 2006లో సాఫ్ట్‌వేర్ అంటగట్టడం ఆపి, ఆపరేటర్ల సీట్లను తామే ప్రయాణికులకు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టారు. ఆపరేటర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం తలనొప్పి, సీటు అమ్మిపెడతామంటే ఆదాయం. 2013లో రెడ్‌బస్‌ను ఐబిబో గ్రూప్ కొనుగోలు చేసింది. రీస్ పుస్తకం రాకముందే జరిగిన కథ కాబట్టి ‘లీన్ స్టార్టప్ పద్ధతి పాటించారు’ అని రాయొద్దు. ‘పివట్‌కు ఉదాహరణ’ అని రాస్తే సరిపోతుంది.

చివరగా డయాగ్రమ్. బిల్డ్, మెజర్, లెర్న్ మూడింటి మధ్య మామూలు బాణాలు గీయండి. వాటి మధ్యలో వచ్చేవి కూడా రాయండి: బిల్డ్ తర్వాత ప్రొడక్ట్, మెజర్ తర్వాత డేటా, లెర్న్ తర్వాత ఐడియాలు. ఆ వృత్తం లోపల చుక్కల గీతతో ఇంకో వృత్తం గీసి, బాణాల్ని ఎదురు దిశలో పెట్టి ‘ప్లానింగ్’ అని రాయండి. పక్కనే ఆబిడ్స్ ఉదాహరణలోని 60, 12, 9 అంకెలు.