బొగ్గు టన్ను, జామాయిల్ టన్ను

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కర్బనం రెండు రూపాల్లో లారీలెక్కుతుంది. ఒకటి సింగరేణి బొగ్గు. దానిలో కొంత పాల్వంచ థర్మల్ కేంద్రం బాయిలర్లలో మండుతుంది. రెండోది రైతుల చేలల్లో కొట్టిన జామాయిల్ కలప. అది గోదావరి పక్కనే సారపాకలో ఉన్న కాగితం మిల్లుకు చేరుతుంది. బొగ్గులోని కర్బనం పాతిక కోట్ల ఏళ్లకు పైగా భూమి పొరల్లో పడి ఉన్నది. జామాయిల్‌లోది మొన్నమొన్నటి దాకా గాలిలో తిరిగినదే.

కార్బన్ ఆఫ్‌సెట్ వ్యాపారం ఈ రెండింటినీ ఒకే తక్కెడలో వేస్తుంది. ఒక కంపెనీ ఇక్కడ ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఇంకెక్కడో చెట్లు పీల్చుకున్న టన్నుకు క్రెడిట్ పేరుతో డబ్బు కడుతుంది. రెండూ చెల్లయ్యాయని, తన ఖాతాలో మిగిలింది సున్నా అని రాసుకుంటుంది. తూకం వరకూ ఇది నిజం కావచ్చు. తేడా అంతా కాలంలో ఉంది. బొగ్గు మండించి వదిలిన వాయువులో వెయ్యేళ్ల తర్వాత కూడా 15 నుంచి 40 శాతం దాకా గాలిలోనే మిగిలి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. మరి చెట్టు పట్టుకున్నది ఎన్నాళ్లుంటుంది?

జామాయిల్ తోటనే లెక్క వేసి చూద్దాం. మంచి క్లోన్ మొక్కలు వేసిన ఎకరం నాలుగేళ్లకు 40 టన్నుల పచ్చి కలప ఇచ్చిందనుకుందాం. అందులో దాదాపు సగం నీరే. మిగిలిన 20 టన్నుల ఎండు కలపలో సగం, అంటే 10 టన్నులు కర్బనం. ఒక టన్ను కర్బనం గాలిలో ఉన్నప్పుడు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌గా ఉంటుంది కాబట్టి ఆ ఎకరం సుమారు 37 టన్నుల వాయువును పీల్చిందన్నమాట. చూడటానికి గొప్ప అంకె. కానీ నాలుగో ఏట గొడ్డలి పడుతుంది. కలపలోని లిగ్నిన్ మిల్లు బాయిలర్‌లోనే మండుతుంది. మిగతాది కాగితమై, నోటుపుస్తకమై, కొన్నేళ్లలో చెత్తకుప్పకో పొయ్యిలోకో చేరుతుంది. మొద్దుల నుంచి పిలకలు లేస్తాయి, తోట మళ్లీ సున్నా దగ్గర మొదలై 37కు పెరుగుతుంది, మళ్లీ కోతకొస్తుంది. వేళ్లలో మిగిలేది కొంత ఉన్నా, అలాంటి తోట సగటున పట్టి ఉంచేది ఆ 37లో సగం మాత్రమే. అంటే ఎకరానికి 18 టన్నుల చొప్పున. ఐదుసార్లు కోసినా అది 18 టన్నులే, 185 కాదు. ప్రతి కోతనూ కొత్త పొదుపుగా కూడేస్తే లెక్క తప్పుతుంది. లిగ్నిన్ మంట వల్ల మిల్లులో కొంత బొగ్గు వాడకం తగ్గుతుంది, ఆ మేలు నిజమైనదే. అయితే దాన్ని వేరే ఖాతాలో చూపాలి.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. క్యోటో ఒప్పందం కింద నడిచిన స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో అప్పటి ఖమ్మం జిల్లా నుంచే ఒక పథకం 2009లో నమోదైంది. బాగా క్షీణించిన సుమారు 3,000 హెక్టార్ల రైతుల భూముల్లో జామాయిల్, సుబాబుల్ పెంచే ఐటీసీ సామాజిక అడవుల పథకం అది. ఏడాదికి సగటున 57 వేల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను తోటలు పట్టుకుంటాయని అందులో అంచనా కట్టారు. గమనించాల్సింది మాత్రం ఆ యంత్రాంగం నాటిన చెట్లకిచ్చే క్రెడిట్ తీరు. 2003లో మిలాన్ సమావేశంలో దేశాలు ఒప్పుకున్న నియమం ప్రకారం చెట్ల క్రెడిట్లకు గడువు ఉంటుంది. గడువు తీరగానే కొన్నవాడు వాటి స్థానంలో వేరే క్రెడిట్లు తెచ్చుకోవాలి. ఎందుకంటే తోట కాలవచ్చు, కొట్టేయవచ్చు. చెట్టు తాత్కాలికం కాబట్టి చీటీ కూడా తాత్కాలికమే.

నా మటుకు నాకు ఈ రంగంలో ఇంతకంటే నిజాయితీ ఉన్న నియమం కనిపించదు. కాని కొనేవాళ్లకు అది నచ్చలేదు. గడువు తీరాక మళ్లీ కొనాల్సిన సరుకు ఎవరికి కావాలి? ఐరోపా కార్బన్ మార్కెట్ ఆ క్రెడిట్లను లోపలికే రానివ్వలేదు. ఆ యంత్రాంగంలో నమోదైన వేల పథకాల్లో చెట్ల పెంపకానివి నూటికి ఒకటి కూడా లేవు.

ఆ తర్వాత పెరిగిన స్వచ్ఛంద మార్కెట్ గడువును తీసేసి, దాని బదులు పూచీ నిధి పెట్టింది. ప్రతి పథకమూ తన క్రెడిట్లలో కొంత భాగాన్ని అమ్మకుండా ఉమ్మడి ఖాతాలో ఉంచాలి, ఎక్కడైనా అడవి కాలితే అందులోంచి సర్దాలి. కాలిఫోర్నియా ప్రభుత్వ పథకంలోనూ ఇదే పద్ధతి. అక్కడ మంటల కోసం నూరేళ్లకు సరిపోవాలని పక్కన పెట్టిన వాటా పదేళ్లు తిరగకుండానే దాదాపు అయిపోయిందని 2022లో పరిశోధకులు లెక్క తేల్చారు. పాత మంటల రికార్డు చూసి కట్టిన వాటా అది. వేడెక్కుతున్న అడవి పాత రికార్డును దాటేసింది.

అడవిని నాటకుండా, ఉన్న అడవిని నరకకుండా కాపాడామని అమ్మే క్రెడిట్లది ఇంకో ఇబ్బంది. మేము లేకపోతే ఇంత అడవి పోయేదని ముందు ఒక ఊహ రాయాలి. ఆ ఊహ ఎంత పెద్దదైతే క్రెడిట్లు అన్ని ఎక్కువ. ఆరు దేశాల్లోని 26 పథకాలను, వాటిని పోలిన పక్క అడవులతో పోల్చిన అధ్యయనం 2023లో సైన్స్ పత్రికలో వచ్చింది. చాలా పథకాల్లో నరికివేత చెప్పుకోదగినంత తగ్గలేదు. లెక్కకు వీలైన పథకాల్లో అనుకున్న క్రెడిట్లలో నిజమైన తగ్గింపు వెనుక ఉన్నవి 6 శాతం దరిదాపునే తేలాయి.

ఇక నేల. మన చెలకల్లో సేంద్రియ కర్బనం తరచుగా అర శాతం లోపే ఉంటుంది కాబట్టి పెంచడానికి చోటైతే బోలెడుంది. హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 2,100 టన్నులు. అందులో కర్బనాన్ని 0.1 శాతం పెంచితే 2 టన్నులకు పైగా కర్బనం, వాయువు లెక్కలో దాదాపు 8 టన్నులు చేరినట్టు. అది జరగడానికి పచ్చిరొట్ట, పశువుల ఎరువు, తక్కువ దున్నకంతో ఏళ్లు పడుతుంది. కొలవడం అంతకన్నా కష్టం. ఒకే చేనులో గట్టు పక్కన తీసిన మట్టికీ నడుమ తీసిన మట్టికీ మధ్య 0.1 శాతం తేడా రావడం మామూలే. రెండు మూడు నమూనాలతో ఫలానా చేనులో పెరిగిందని చెప్పే నివేదికను నమ్మడానికి లేదు. అదే చోట్ల, అదే లోతులో, చాలా నమూనాలు తీసి, మట్టి ఎంత గట్టిగా ఉందో కూడా తూచి, ఏళ్ల తర్వాత మళ్లీ చూడాలి. పక్క ఊరి పెంట తెచ్చి వేస్తే ఈ చేనులో పెరిగినంతా ఆ ఊరి చేనుకు తగ్గినదే కావచ్చు. మన ఎండలకు సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని వేగంగా తినేస్తాయి, ఎరువు ఆపితే కూడిన కర్బనం కొన్నేళ్లలో తిరిగి గాలిలో కలుస్తుంది. నీరు నిలవడానికి, పంట బాగుపడటానికి నేల కర్బనం ఎంతో అవసరం. రైతు దాన్ని అందుకోసం పెంచాలి. కంపెనీ పొగకు బదులుగా అమ్మడానికి మాత్రం ఇంత ఊగిసలాడే సరుకు పనికిరాదు.

బయోచార్ వీటికంటే గట్టిది. గాలి సరిగా అందకుండా 400 నుంచి 600 డిగ్రీల వేడిలో కట్టెను మాడిస్తే కర్బనం పరమాణువులు ఒకదానికొకటి గట్టిగా పెనవేసుకుంటాయి. సూక్ష్మజీవులు వాటిని సులువుగా తినలేవు. వాతావరణ మార్పుపై అంతర్జాతీయ నిపుణుల బృందం 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం, 450 నుంచి 600 డిగ్రీల మధ్య చేసిన బయోచార్‌ను నేలలో కలిపితే నూరేళ్ల తర్వాత దాని కర్బనంలో 80 శాతం మిగులుతుంది. అంతకంటే తక్కువ వేడిలో చేస్తే 65 శాతం.

తెలంగాణలో ఏరివేత అయ్యాక చేలల్లో మిగిలే పత్తి కట్టెను చాలాచోట్ల అక్కడే తగలబెడతారు. హైదరాబాద్‌లోని మెట్టపంటల కేంద్ర పరిశోధన సంస్థ, క్రీడా, ఈ కట్టెతో బయోచార్ చేసుకునేందుకు రైతు స్థాయి డ్రమ్ము బట్టీ రూపొందించింది. ఒక టన్ను ఎండు పత్తి కట్టెకు 250 కిలోల బొగ్గు వచ్చిందనుకుందాం. అందులో 70 శాతం, అంటే 175 కిలోలు కర్బనం. నూరేళ్లకు నిలిచే 80 శాతం తీస్తే 140 కిలోలు. వాయువు లెక్కలో 513 కిలోలు, అంటే దాదాపు అర టన్ను. తగలబెట్టి ఉంటే ఇందులో దాదాపు ఏమీ మిగిలేది కాదు కాబట్టి ఈ పొదుపు ఊహ మీద కాక తూకం మీద నిలబడుతుంది.

అయితే కోతలున్నాయి. కట్టె తడిగా ఉన్నా, మంట సరిగా లేవకపోయినా బట్టీ తెల్లటి దట్టమైన పొగ కక్కుతుంది. ఆ పొగలో మీథేన్ ఉంటుంది. నూరేళ్ల లెక్కలో ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. టన్ను కట్టెకు 5 కిలోల మీథేన్ బయటపడితే 140 కిలోలు కోత పడ్డట్టే, మన 513లో పావు వంతుకు పైగా పోతుంది. అందుకే పొగ కనిపించకుండా పైన మంట నిలిచే బట్టీ కావాలి, కట్టె బాగా ఎండాలి. ఇంకో ప్రమాదం బజారు. ఈ బొగ్గుకు హోటళ్ల తందూరీ పొయ్యిలో గిరాకీ ఉంటుంది. అక్కడికి వెళ్తే మిగిలేది సున్నా. కంపోస్టుతో కలిపి చేలో చల్లిన రోజునే క్రెడిట్ పుట్టాలి, బట్టీ దింపిన రోజున కాదు. నాణ్యత తేల్చే కొలత కూడా ఉంది. బొగ్గులో ప్రతి కర్బన పరమాణువుకు ఎన్ని హైడ్రోజన్ పరమాణువులున్నాయో ప్రయోగశాలలో చూస్తారు. ఆ నిష్పత్తి 0.7 దాటితే అది సరిగా మాడని కట్టె, నేలలో త్వరగా కుళ్లుతుంది. 0.4 లోపు ఉంటే మన్నిక మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఇంత గట్టి బయోచార్ కూడా పాల్వంచ పొగ గొట్టానికి పూర్తి జవాబు కాదు. నూరేళ్ల నిలువను వెయ్యేళ్ల భారానికి సరిపెట్టలేం, పైగా పత్తి కట్టె రాశి చిన్నది. ఐరోపా సంఘం ఈ అర్థం లేని సరిపెట్టుకు చట్టంలోనే గీత గీసింది. ఆఫ్‌సెట్లు కొన్నామన్న ఆధారంతో ఒక వస్తువు మీద వాతావరణానికి హాని లేనిదని రాసుకోవడం 2026 సెప్టెంబరు 27 నుంచి అక్కడ నిషేధం. పథకానికి డబ్బిచ్చామని చెప్పుకోవచ్చు, తమ పొగ చెల్లయిందని చెప్పుకోకూడదు.

మన పల్లెలకు ఒప్పంద పత్రాలతో వచ్చేవాళ్లను కూడా ఈ కాలం ప్రశ్నే అడగాలి. చెట్లను ఎన్నేళ్లు ఉంచాలి, తుఫానుకు పడిపోతే నష్టం ఎవరిది, టన్నుకు వచ్చే ధరలో రైతు వాటా ఎంత, అసలు కొలిచేదెవరు అన్నవి అందులో రాసి ఉండాలి. పత్తి పండించేవాళ్లలో చాలామంది కౌలు రైతులు. వాళ్ల చేతిలో భూమి ఏడాదికో రెండేళ్లకో మారుతుంది. ఒప్పందాలేమో ఇరవై, నలభై ఏళ్లవి. ఆ గడువుకు హామీ ఇవ్వగల హక్కు కౌలుదారుకు లేదు. కాబట్టి క్రెడిట్ కొనేవాడు ఉపగ్రహ చిత్రాల కంటే ముందు అడగాల్సిన కాగితం ఆ ఒప్పందంపై భూమి యజమాని సంతకం, దాని కింద కౌలు రైతుకు వచ్చే వాటా రాసిన వరుస.