విచారణ ముగిసింది, సోమవారం నుంచి ఎవరి కింద పని?

పని ప్రదేశంలో లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే ఏం చేయాలో 2013 నాటి చట్టం వివరంగానే చెప్పింది. ఆఫీసుల్లో అందరూ పోష్ చట్టం అనేది దాన్నే. అంతర్గత కమిటీ 90 రోజుల్లో విచారణ ముగించాలి. ముగిసిన 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అందులోని సిఫారసులను యాజమాన్యం 60 రోజుల్లో అమలు చేయాలి. అదంతా అయ్యాక ఆ ఇద్దరూ మళ్లీ ఒకే టీమ్‌లో కూర్చోవాల్సి వస్తే రోజువారీ పని ఎలా నడపాలన్నది మాత్రం ఆ కాలపట్టికలో లేదు. ఆ భారం మేనేజర్ మీద పడుతుంది.

విచారణ నడుస్తున్నన్నాళ్లూ కొన్ని రక్షణలుంటాయి. ఫిర్యాదు చేసిన మహిళ రాతపూర్వకంగా కోరితే ఇద్దరిలో ఒకరిని బదిలీ చేయమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆమెకు మూడు నెలల వరకు అదనపు సెలవు ఇప్పించవచ్చు. ఆమె పనితీరుపై ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి నివేదిక రాయకుండా ఆపి, ఆ బాధ్యత మరో అధికారికి అప్పగించవచ్చు. అయితే ఇవన్నీ విచారణ కాలానికి ఉద్దేశించినవి. ఫైలు మూసేయగానే ఎవరూ పట్టించుకోకపోతే పాత రిపోర్టింగ్ దానంతటదే తిరిగొస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హైదరాబాద్‌లోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎనిమిది మంది టీమ్. రాత్రిపూట వ్యక్తిగత వ్యాఖ్యలతో మెసేజ్‌లు, ఫోన్లు చేస్తున్నాడని టీమ్ లీడ్ మీద ఒక టెస్టర్ డిసెంబరులో ఫిర్యాదు చేసింది. విచారణలో ఆమె రిపోర్టింగ్‌ను వేరే మేనేజర్‌కు మార్చారు. మార్చిలో నివేదిక వచ్చింది: ఆధారాలు చాలలేదు, ఆరోపణ రుజువు కాలేదు, చర్య అక్కర్లేదు. ఏప్రిల్‌లో అప్రైజల్. ఆమెకు రేటింగ్ ఇవ్వాల్సింది ఎవరు?

జవాబు చెప్పే ముందు ‘రుజువు కాలేదు’ అన్నదాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఆమె అబద్ధం చెప్పిందని దానర్థం కాదు. ఆధారాలు చూపలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారు మీద చర్య తీసుకోకూడదని చట్టంలోని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. దురుద్దేశంతో చేసిందని చెప్పాలంటే అది విడిగా విచారణలో తేలాలి. అలాగే, అతను తప్పు చేసి తప్పించుకున్నాడని కూడా దానర్థం కాదు. పైగా నివేదికపై అప్పీలుకు 90 రోజుల గడువుంది. అంటే ఏప్రిల్ అప్రైజల్ నాటికి ఆ తలుపు ఇంకా తెరిచే ఉంటుంది.

కాబట్టి మేనేజర్ తేల్చాల్సింది ఎవరు నిజం చెప్పారన్నది కాదు. ఒకరి చేతిలో మరొకరి జీతం, సెలవు, షిఫ్టు ఉండకుండా చూడడం, అది ఎవరికీ శిక్షలా మారకుండా చూడడం అతని పని.

మన ఉదాహరణలో లీడ్ హోదా, జీతం, ప్రాజెక్టు అలాగే ఉంటాయి. ఆమె రేటింగ్, సెలవుల మంజూరు, షిఫ్టుల కేటాయింపు మాత్రం విచారణలో చూసిన మేనేజర్ దగ్గరే కొనసాగుతాయి. దీన్ని కాగితం మీద పెట్టి, ఎప్పుడు సమీక్షిస్తారో తేదీ రాయాలి. తేదీ లేకపోతే ఆర్నెల్ల తర్వాత అది లీడ్ మీద మచ్చలాగా మిగిలిపోతుంది.

ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి. ఆమెతో, “రేటింగ్, లీవ్, షిఫ్టు ఏదున్నా నన్నే అడగండి. పని విషయంలో లీడ్‌తో మాట్లాడాల్సి వస్తే టికెట్‌లోనో, అందరూ ఉన్న మీటింగ్‌లోనో మాట్లాడవచ్చు” అంటే చాలు. అతనితో, “మీ మీద చర్య లేదు. ఆమె రేటింగ్ మీరు వేయరు, అంతే. ఇది శిక్ష కాదు, రేపు ఏ మాటొచ్చినా మీకూ ఇదే రక్షణ” అని చెప్పాలి. టీమ్‌కు ఒక్క వాక్యం: రిపోర్టింగ్‌లో చిన్న మార్పు జరిగింది. కారణం చెప్పకూడదు. ఫిర్యాదు, విచారణ వివరాలను గోప్యంగా ఉంచమని చట్టమే చెబుతోంది. నిజానికి మేనేజర్‌కు కూడా నివేదిక మొత్తం అక్కర్లేదు. అతను పాటించాల్సిన ఏర్పాట్లు తెలిస్తే సరిపోతుంది.

చాలా ఆఫీసులకు తట్టే సులువైన దారి ఆమెను వేరే చోటికి పంపేయడం. ఆమె కోరకుండా పంపితే అది ఫిర్యాదు చేసినందుకు శిక్షే అవుతుంది. పంజాబ్ అండ్ సింధ్ బ్యాంక్ కేసులో 2020లో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చూసింది. అవకతవకల గురించి, లైంగిక వేధింపుల గురించి ఫిర్యాదు చేసిన ఇండోర్ శాఖ అధికారిణిని, ఆమె కంటే తక్కువ స్థాయి అధికారి ఉండాల్సిన శాఖకు బదిలీ చేశారు. కోర్టు ఆ బదిలీ చెల్లదంది. ఆమెను ఏడాది పాటు ఇండోర్‌లోనే ఉంచాలని, ఖర్చుల కింద 50,000 రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఇక ఆరోపణ రుజువు కానప్పుడు లీడ్‌ను పంపేస్తే అతనికీ అంతే అన్యాయం. రుజువైతే లెక్క వేరు. రాతపూర్వక క్షమాపణ నుంచి ఇంక్రిమెంట్ ఆపడం, ఉద్యోగం తీసేయడం దాకా నిబంధనల్లో ఉన్నాయి. అప్పుడు చోటు మారాల్సి వస్తే మారాల్సింది ఆమె కాదు.

కక్ష సాధింపు తిట్ల రూపంలో రావడం అరుదు. క్లయింట్ కాల్ ఆహ్వానంలో ఆమె పేరు ఉండదు. కొత్త మాడ్యూల్ మరొకరికి వెళ్తుంది, పాత రిగ్రెషన్ పరీక్షలే ఆమెకు మిగులుతాయి. దీన్ని కళ్లతో పట్టుకోవడం కష్టం, పనుల జాబితాతో సులువు. ఫిర్యాదుకు ముందు మూడు నెలల్లో ఆమెకు ఏ పనులు వచ్చాయో, ఇప్పుడు ఏవి వస్తున్నాయో పక్కపక్కన పెట్టి చూడాలి. విచారణలో సాక్ష్యం చెప్పినవారి విషయంలోనూ ఇదే చూడాలి. ఆమె సెలవులో ఉన్న నెలలను అప్రైజల్‌లో తక్కువ పనిగా లెక్కించకూడదు. అతని అప్రైజల్‌లో రుజువు కాని ఫిర్యాదు ప్రస్తావన ఉండకూడదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఏమంటే ఏమవుతుందోనన్న భయంతో మేనేజర్లు ఆమె పనిలో తప్పున్నా చెప్పడం మానేస్తారు. ఏడాది చివర తక్కువ రేటింగ్ ఇస్తే ఆమెకు అది హఠాత్తుగా తగులుతుంది, అప్పుడది కక్ష సాధింపులాగే కనిపిస్తుంది. బగ్ వదిలేస్తే మిగతా ఏడుగురికి ఎలా చెబుతారో ఆమెకూ అలాగే, ఆ వారంలోనే, రాసి చెప్పాలి. లీడ్ విషయంలో జరిగేది మరో రకం: భోజనానికి పిలవరు, అతనితో పనంటే తప్పించుకుంటారు. గుసగుసలను మేనేజర్ అక్కడికక్కడే ఆపాలి.

రెండు వారాలకు, నెలకు, మూడు నెలలకు ఇద్దరినీ విడిగా కలిసి, ఏం చెప్పారో రెండు ముక్కలు రాసిపెట్టుకోవాలి. కొత్తగా ఏదైనా జరిగితే మేనేజర్ తానే పంచాయితీ చేయకూడదు, కమిటీకి పంపాలి. ఇరవై మంది ఉన్న చిన్న సంస్థలో వేరే మేనేజర్ దొరకకపోవచ్చు. అప్పుడు రేటింగ్ యజమానే చూసుకోవాలి, అదీ టికెట్లు, రివ్యూ నోట్స్ లాంటి రాతపూర్వక ఆధారాలను బట్టి.

సమీక్ష తేదీ వచ్చినప్పుడు అడగాల్సినవి రెండే. పనుల జాబితాలో తేడా కనిపించిందా? ఆమె ఈ ఏర్పాటు ఇంకా కావాలంటోందా? రెండింటికీ లేదన్న జవాబు వస్తే, అప్పీలు గడువు కూడా దాటి ఉంటే ఏర్పాటు ఎత్తేయవచ్చు. ఏ ఒక్కదానికి అవునన్నా మరో అప్రైజల్ దాకా కొనసాగించాలి. ఒక రేటింగ్ మరొకరు వేయడం వల్ల కంపెనీకి పెరిగే పని ఏడాదికి కొన్ని గంటలే.