సెలవు మెయిల్లో ఎంత చెప్పాలి?

జూన్ 3న గర్భస్రావమైన ఉద్యోగిని సెలవు అడగాలి. మేనేజర్‌కు రాసే మెయిల్ కాపీలు టీమ్‌లో ఇంకొందరికీ వెళ్తాయి. ఎవరైనా ‘రిప్లై ఆల్’ కొడితే సంగతి ఆఫీసంతా పాకుతుంది. అందుకే అక్కడ ఇంతే చాలు: ‘అనారోగ్యం వల్ల జూన్ 4 నుంచి జూలై 15 వరకు సెలవు కావాలి. డాక్టర్ విశ్రాంతి తీసుకోమన్నారు. పనులు అప్పగించాను. ఫోన్‌లో అందుబాటులో ఉండను.’ చివరి వాక్యాన్ని మొహమాటపడి వదిలేస్తుంటారు. మర్నాడే ఫోన్లు మొదలవుతాయి.

కారణం దాచితే నష్టపోయే చోటూ ఒకటుంది. గర్భస్రావానికి 6 వారాల వేతన సెలవును చట్టం హక్కుగా ఇచ్చింది, కాకపోతే రుజువు చూపాలి. ‘జ్వరం’ అని రాస్తే ఆ రోజులు మామూలు సిక్ లీవులో కోసుకుపోతాయి. కాబట్టి హెచ్‌ఆర్‌కు విడిగా, కాపీలో ఎవరినీ పెట్టకుండా, విషయం చెప్పి డాక్టర్ సర్టిఫికెట్ జతచేయాలి. గర్భస్రావమైందని, ఫలానా తేదీన అయిందని అందులో ఉంటే సాధారణంగా సరిపోతుంది. డిశ్చార్జి సమ్మరీ మాత్రం అడగనిదే పంపొద్దు. పాత కాన్పులు, పరీక్షలు, మందులు అన్నీ అందులో ఉంటాయి. మేనేజర్ ‘ఏమైందమ్మా?’ అని ఆరా తీస్తే, ‘వివరాలు హెచ్‌ఆర్‌కు ఇచ్చానండీ’ అంటే చాలు.